ఉగాది శుభాకాంక్షల్లో ఆఫర్ మాట ఎలా చెప్పాలి?

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు దుకాణం నడిపేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. తెలుగువాళ్ల ఉగాది, మరాఠీవాళ్ల గుఢీపాడవా ఒకే రోజు వస్తాయి. 2026లో అది మార్చి 19, గురువారం. ఆ రోజు మంచి ముహూర్తమని కొత్త సామాను కొనడం అక్కడి అలవాటు కాబట్టి, ఆఫర్ మాట ఎత్తినా ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టేది ఎత్తిన తీరునే.

ధర్మాబాద్‌లో ఒక రాగి, ఇత్తడి సామాన్ల దుకాణం ఉందనుకుందాం. ముందు ఏ ఆఫర్ పెట్టాలో తేల్చుకోవాలి. '50 శాతం దాకా తగ్గింపు' అని వేస్తే నమ్మేవాళ్లు తక్కువ. రాగి, ఇత్తడి తూకానికి అమ్ముతారు, కిలో రేటు కొనేవాళ్లకు దాదాపు తెలిసే ఉంటుంది. అందులో సగం ఎలా తగ్గుతుందని అడుగుతారు. దానికి బదులు, పాత సామాను మార్చుకునేటప్పుడు తీసే తరుగును పండుగ దాకా తీయబోమని చెప్పండి. బిందె మార్చుకోవడానికి వచ్చిన ప్రతి ఇల్లాలికీ తరుగు దగ్గరే మనసు కలుక్కుమంటుంది. ఆఫర్ చిన్నదే అయినా నమ్మేలా ఉంటుంది.

ఇక వాట్సాప్‌లో పంపే బొమ్మ మీది రాత. శుభాకాంక్ష తనంతట తాను పూర్తి కావాలి, ఆఫర్ దాని కింద ఖాళీ వదిలి విడిగా ఉండాలి. ఇలా:

ఉగాది శుభాకాంక్షలు. మీ ఇంట్ల పచ్చడి కుండ నిండుగ, బక్షాలు మెత్తగ ఉండాలె.

గుఢీ ఎత్తే ఇండ్లకు రాగి చెంబులు వచ్చినయి.
పాత రాగి, ఇత్తడి తెచ్చి కొత్త సామాను తీసుకుంటే 19వ తారీఖు రాత్రి దాకా తరుగు తీయం. పైసల రూపంల ఇయ్యం.

చివరి మాట కొంచెం కటువుగా ఉందనిపించినా తీసేయకండి. ఆ షరతు ముందే చెప్పకపోతే దుకాణంలో గల్లా దగ్గర చెప్పాల్సి వస్తుంది, గొడవ అక్కడ మొదలవుతుంది. రాశాక ఆఫర్ వాక్యాలను వేలితో మూసి చదవండి. పైన మిగిలింది ఇంటికి వచ్చిన చుట్టంతో అనే మాటలా ఉంటే సరే. 'మా దుకాణం తరఫున', 'త్వరపడండి', 'కొన్ని రోజులే' లాంటివి పైభాగంలోకి ఎక్కితే అది పండుగ వేషం కట్టిన ప్రకటన. దుకాణం పేరు, ఫోన్ నంబరు అడుగున ఒక్కసారి చాలు. యజమాని ఫోటో అక్కర్లేదు, అది ఎన్నికల ఫ్లెక్సీకి వదిలేద్దాం.

మరాఠీ మాటలను ఇదే బొమ్మలో ఇరికించకండి. వాళ్లకు వేరే పోస్టు రాయించండి, అందులో బక్షాలకు బదులు పూరణ్ పోళీ రావాలి. ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ మరాఠీ బడిలో చదువుకున్నవాళ్లు చాలామంది. వాళ్లకు తెలుగు వినడమే గానీ చదవడం రాదు. అలాంటి ఖాతాదారులకు అవే మాటలు మీ గొంతుతో చెప్పి వాట్సాప్‌లో పంపండి. అచ్చు బొమ్మ కన్నా అదే దగ్గరగా ఉంటుంది.

ఎప్పుడు పంపాలన్నది రాతంత ముఖ్యం. గుఢీ పొద్దున్నే ఎత్తుతారు, దాని మీద బోర్లించే చెంబు ముందే ఇంట్లో ఉండాలి. అందుకే ఈ పోస్టు 15వ తేదీ ఆదివారం సాయంత్రం వెళ్లాలి. 19 ఉదయం పంపేదాంట్లో శుభాకాంక్ష తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఆఫర్ పోస్టు ఫేస్‌బుక్ లాంటి చోట కూడా పెట్టి ఉంటే 20 ఉదయానికి తీసేయండి, లేకపోతే వారం తర్వాత కూడా దాన్ని చూపించి అడిగేవాళ్లు వస్తారు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టవచ్చు. మీ నంబరు తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది కాబట్టి, ఎవరి నుంచీ ఉలుకూ పలుకూ లేకపోతే ముందు అది చూసుకోండి. 'మీకు కూడా శుభాకాంక్షలు అన్నా' అని జవాబు వస్తే 'సంతోషం అక్కా' అని ఊరుకోండి. అక్కడ రేట్ల పట్టిక పంపితే రాసిందంతా వృథా. రేటు అడిగినవాళ్లకు మాత్రం ఆనాటి కిలో రేటు సూటిగా చెప్పండి, దుకాణానికి వస్తేనే చెప్తామనకండి.

పంపే ముందు లిస్టును ఒకసారి పేరుపేరునా చదవాలి. ఏడాది లోపు చావు జరిగిన ఇళ్లలో చాలామంది పండుగ చేసుకోరు. ఊరు చిన్నది, ఎవరి ఇంట్లో ఏమైందో మీకు తెలుసు. ఆ పేర్లు ఈసారికి పక్కన పెట్టండి.