ట్యాంకు కడిగే ఎస్‌ఎఫ్‌సీ ఎక్కడ ఇరుక్కుంటుంది: సమస్య - పరిష్కారం

డెయిరీలో పాల సైలోను విప్పకుండా లోపలే కడిగే పనిని సీఐపీ అంటాం. ముందు నీళ్లతో రిన్స్, తర్వాత వేడి కాస్టిక్, మళ్లీ నీళ్లు, తర్వాత యాసిడ్, చివరి రిన్స్. ఒకదాని తర్వాత ఒకటి జరిగే పని కాబట్టి, యంత్రాలను నడిపే కంప్యూటర్ అయిన పీఎల్‌సీలో దీన్ని ఎస్‌ఎఫ్‌సీలో రాయడమే మేలు. ఎస్‌ఎఫ్‌సీ అంటే పనిని స్టెప్పులుగా గీసే చార్టు. ఒక స్టెప్ నుంచి తర్వాతి దానికి వెళ్లడానికి నిజం కావాల్సిన షరతే ట్రాన్సిషన్. కింద రాసినవి ఒకే సైలో వాష్‌లో నేను స్వయంగా పడ్డ మూడు ఇబ్బందులు. చార్టులో మొదటి సగం ఇలా ఉండేది: స్టార్ట్ నొక్కగానే రెండు బ్రాంచీలు ఒకేసారి మొదలవుతాయి. ఒక బ్రాంచిలో S10, అంటే సైలోకు 4 నిమిషాల ప్రీ-రిన్స్. రెండో దానిలో S20, అంటే కాస్టిక్ ట్యాంకును 75 డిగ్రీలకు వేడి చేయడం. రెండూ అయ్యాక S30లో కాస్టిక్ సైలోలోకి వెళ్తుంది.

ఏ సమస్య వచ్చినా ముందు ప్రోగ్రాంలో మార్పులు చేయకండి. ఆన్‌లైన్‌లోకి వెళ్లి ఏ స్టెప్పులు వెలుగుతున్నాయో, వాటి కింద ఏ ట్రాన్సిషన్ ఆగి ఉందో కాగితం మీద రాసుకోండి. ఆ రెండు తెలిస్తే సగం పని అయినట్టే.

సమస్య 1: ప్రీ-రిన్స్ ఆగదు, నీళ్ల ట్యాంకు ఖాళీ అయిపోతుంది

4 నిమిషాల్లో ఆగాల్సిన రిన్స్ పంపు పావుగంటైనా తిరుగుతూనే ఉంటుంది. చివరకు నీళ్ల ట్యాంకు లో-లెవెల్‌తో ట్రిప్ అవుతుంది. రోజూ ఇలా జరగదు. సాయంత్రం రెండో వాష్‌లో చాలాసార్లు బాగానే ఉంటుంది, సోమవారం పొద్దున మాత్రం తప్పకుండా వస్తుంది. షిఫ్టు ఆపరేటర్ "వాల్వు లీకేమో సార్" అన్నాడు. మేమూ ఒక పూటంతా వాల్వులే చూశాం.

ఆన్‌లైన్‌లో చూస్తే S10, S20 రెండూ వెలుగుతున్నాయి. రెండు బ్రాంచీలు కలిసే జోడు గీత కింద ట్రాన్సిషన్ ఇది, ఇందులో `S10.T` అంటే S10 మొదలై ఎంతసేపైందో చెప్పే లెక్క:

```
S10.T >= T#4m AND TankTemp >= 75.0
```

కారణం ఇక్కడే ఉంది. బ్రాంచీలు కలిసే చోట, పైన ఉన్న చివరి స్టెప్పులన్నీ యాక్టివ్‌గా ఉండి, కింది ట్రాన్సిషన్ నిజమైతేనే చార్టు ముందుకు కదులుతుంది. అంతవరకు ఆ స్టెప్పులు యాక్టివ్‌గానే ఉంటాయి, వాటి పనులూ నడుస్తూనే ఉంటాయి. అంటే 4 నిమిషాలు దాటినా S10 ఆరిపోదు, పంపు ఆగదు. కాస్టిక్ వేడెక్కే దాకా నీళ్లు డ్రెయిన్‌లోకి పోతూనే ఉంటాయి.

లెక్క వేసి చూడండి. ట్యాంకులో 1000 లీటర్ల కాస్టిక్ ఉంది. ఆదివారం సెలవు తర్వాత అది 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. 50 డిగ్రీలు పెంచాలంటే సుమారు 210 మెగాజౌల్స్ కావాలి. మా స్టీమ్ హీటర్ ఇచ్చేది 150 కిలోవాట్లు, కాబట్టి 23 నిమిషాలు పడుతుంది. రిన్స్ పంపు నిమిషానికి 200 లీటర్లు తోడుతుంది. 3000 లీటర్ల నీళ్ల ట్యాంకు పదిహేనో నిమిషానికే ఖాళీ. సోమవారం పొద్దునే ఎందుకు వస్తోందో తెలిసిపోయింది.

అందుకే ప్రతి బ్రాంచి చివర ఏ పనీ చేయని ఒక ఎదురుచూపు స్టెప్ పెట్టాలి. S10 కింద `S10.T >= T#4m` అని ట్రాన్సిషన్ పెట్టి S11 కలిపాను. S11లో పంపు ఉండదు, వాల్వులన్నీ మూసి ఉంటాయి. నీళ్ల సమస్య ఆ రోజే పోయింది.

కానీ మొదట నేను S11 ఒక్కటే పెట్టి ఊరుకున్నాను. అవతలి బ్రాంచిని అలాగే వదిలేశాను, కలిసే చోట `TankTemp >= 75.0` షరతు అలాగే ఉంది. రెండు రోజులకు కొత్త ఫిర్యాదు: నీళ్లు పోవడం లేదు, కానీ ట్యాంకు వేడిగా ఉన్నా చార్టు S11, S20 దగ్గరే నిలబడిపోతోంది. చేయి ఆనిస్తే ట్యాంకు కాలుతోంది, స్క్రీన్ మీద 74.3. S20లో స్టీమ్ వాల్వు 75 దగ్గర మూసుకుని, 72కు పడ్డాకే మళ్లీ తెరుచుకునేలా రాసి ఉంది. ట్యాంకు అప్పటికే వేడిగా ఉన్న రోజు 75 త్వరగా వచ్చేస్తుంది, రిన్స్ ఇంకా అయి ఉండదు. రిన్స్ అయ్యేసరికి వేడి కొంచెం తగ్గి ఉంటుంది. ఇన్సులేషన్ బాగున్న ట్యాంకు 72కు దిగాలంటే చాలాసేపు పడుతుంది. అంతసేపు అందరూ స్క్రీన్ చూస్తూ నిలబడాల్సిందే.

75 వచ్చిందనేది ఒక్క క్షణం నిజమై, తర్వాత అబద్ధమయ్యే మాట. అలాంటి దాన్ని కలిసే చోట పెట్టకూడదు, బ్రాంచి లోపలే పెట్టాలి. S20 కింద `TankTemp >= 75.0`, దాని కింద S21. ఒకసారి 75 తాకితే S21కి వచ్చేస్తుంది, తర్వాత 74 అయినా వెనక్కి వెళ్లదు. S21లో కూడా 72-75 మధ్య వేడి నిలిపే పని నడుస్తూనే ఉండాలి, అది మాత్రం మరచిపోకండి. ఇక కలిసే చోట ట్రాన్సిషన్ `TRUE`. S11, S21 రెండూ వెలిగితే చాలు, వెంటనే ముందుకు పోతుంది.

సమస్య 2: వాష్ పూర్తయిందని రికార్డు చెబుతుంది, సైలో గోడ మీద మాత్రం కొవ్వు పొర

ఇది అలారం ఇవ్వని తప్పు కాబట్టి ఎక్కువ భయపడాల్సింది దీనికే. కాస్టిక్ 10 నిమిషాలు తిరిగినట్టు రిపోర్టులో ఉంటుంది, మ్యాన్‌హోల్ తెరిచి టార్చి వేస్తే పై భాగంలో జిడ్డు మెరుస్తూ కనిపిస్తుంది.

`S30.T` అనేది స్టెప్ మొదలైన క్షణం నుంచి లెక్కపెడుతుంది. అప్పటికి పైపుల్లో ఉన్నది కాస్టిక్ కాదు, రిన్స్ నీళ్లు. చల్లటి సైలో గోడ మొదట వేడి లాగేసుకుంటుంది. మా ప్లాంట్‌లో రిటర్న్ లైన్ 70 డిగ్రీలకు రావడానికే దాదాపు 4 నిమిషాలు పట్టేది. అంటే 10 నిమిషాల్లో అసలు వాష్ 6 నిమిషాలే.

చాలామంది ఇక్కడ రిటర్న్ 70 దాటిందన్న షరతును TON టైమర్‌కు ఇస్తారు, అది షరతు నిజంగా ఉన్నంతసేపే లెక్కపెడుతుంది. దానివల్ల ఇంకో చిక్కు వస్తుంది. తొమ్మిదో నిమిషంలో ఒక్క సెకను 69.8 అయితే TON సున్నాకు వెళ్లిపోతుంది, వాష్ మొత్తం మళ్లీ మొదలు. నేను స్టెప్‌ను రెండుగా విడగొట్టాను. S30లో రిటర్న్ కండక్టివిటీ పెరిగేదాకా, అంటే కాస్టిక్ తిరిగి వచ్చేదాకా, పైపులోని నీళ్లను డ్రెయిన్‌కు పంపడం, కౌంటును సున్నా చేయడం. S31లో అసలు సర్క్యులేషన్. S31లో షరతులు బాగున్న సెకన్లను మాత్రమే కూడుతాం:

```
IF S31.X AND Pulse1s AND FlowOK
   AND ReturnTemp >= 70.0 THEN
    WashSec := WashSec + 1;
END_IF;
```

`S31.X` ఆ స్టెప్ వెలుగుతున్నంతసేపు నిజం. `Pulse1s` సెకనుకు ఒక్క స్కాన్ మాత్రమే నిజమయ్యే పల్స్. S31 కింద ట్రాన్సిషన్ `WashSec >= 600`. వేడి తగ్గితే లెక్క ఆగుతుంది, పెరిగితే ఆగిన చోట నుంచి సాగుతుంది. కొలవాల్సింది రిటర్న్ లైన్‌లో. ట్యాంకు దగ్గర చూపించే 75 సైలో లోపల ఏం జరుగుతోందో చెప్పదు.

లెక్క ఆగే వీలున్నప్పుడు అది ఎప్పటికీ పూర్తి కాకుండా పోవచ్చు కూడా. అందుకని S31 పక్కన ఇంకో ట్రాన్సిషన్, `S31.T >= T#20m AND WashSec < 600`, నేరుగా ఫాల్ట్ స్టెప్ S90కి. రెండు దారులున్న చోట రెండూ ఒకేసారి నిజం కాకుండా రాయడం ముఖ్యం. ఆ `WashSec < 600` ముక్క అందుకే.

సమస్య 3: టైమవుట్ తర్వాత మళ్లీ స్టార్ట్ చేస్తే రిన్స్ నీళ్లు, కాస్టిక్ ఒకేసారి వస్తున్నాయి

ఒకరోజు బాయిలర్ ఆగిపోయింది. S20 ఎంతకీ 75కు రాలేదు, టైమవుట్ అలారం వచ్చింది. బాయిలర్ మొదలయ్యాక ఆపరేటర్ అలారం రీసెట్ చేసి స్టార్ట్ నొక్కాడు. కాసేపటికి కాస్టిక్ వాల్వు, రిన్స్ వాల్వు రెండూ తెరుచుకున్నాయి. కాస్టిక్‌లో నీళ్లు కలిసి పలచబడిపోయింది, ట్యాంకు మళ్లీ తయారు చేసుకోవాల్సి వచ్చింది.

S20 టైమవుట్‌ను నేను బ్రాంచి మధ్యలోంచి నేరుగా S90కి దూకేలా గీశాను. దూకింది ఒక్క బ్రాంచే. అవతలి బ్రాంచిలో S11 వెలుగుతూనే ఉండిపోయింది. S90 నుంచి మొదటి స్టెప్ S0కి వచ్చి మళ్లీ స్టార్ట్ అనగానే S10, S20 వెలిగాయి, పాత S11 కూడా వెలుగుతోంది. ఈసారి ట్యాంకు అప్పటికే వేడిగా ఉండడంతో S21 రెండు నిమిషాల్లో వచ్చేసింది. S11, S21 రెండూ ఉన్నాయి కాబట్టి చార్టు కలిసిపోయి S30కి వెళ్లింది. S10 మాత్రం ఇంకా రిన్స్ చేస్తూనే ఉంది. ఒకే బ్రాంచిలో రెండు స్టెప్పులు వెలుగుతున్నట్టు స్క్రీన్ మీద కనిపిస్తే ఇదే తప్పు అనుకోండి.

సమాంతర బ్రాంచిలోంచి బయటికి దూకే గీత గీయకూడదు. విఫలమైన బ్రాంచి కూడా తన చివరి స్టెప్ దాకా నడిచి రావాలి, ఫెయిలయ్యానన్న గుర్తు మాత్రం వెంట తెచ్చుకోవాలి. S20 కింద ఇప్పుడు రెండు దారులు. ఒకటి 75 వస్తే మామూలుగా S21కి. రెండోది `S20.T >= T#35m AND TankTemp < 75.0` అయితే S22కి, అక్కడ `HeatFail`ను TRUE చేసి, స్టీమ్ మూసి, మళ్లీ S21కి. S21లో వేడి నిలిపే పని `NOT HeatFail` ఉంటేనే నడుస్తుంది. జోడు గీత కింద S25 అనే ఖాళీ స్టెప్ పెట్టాను. అక్కడ దారి చీలుతుంది: `HeatFail` అయితే S90, `NOT HeatFail` అయితే S30. S0లో `HeatFail`ను FALSE చేయాలి, లేకపోతే తర్వాతి ప్రతి వాష్ S90కే పోతుంది.

35 నిమిషాలు ఎందుకంటే, పైన వేసిన లెక్కలో చల్లటి ట్యాంకుకు 23 నిమిషాలు వచ్చింది, దానికి సగం కలిపాను. ముందు ఎవరో 10 నిమిషాలు పెట్టి ఉంచారు. సోమవారం పొద్దున ప్రతిసారీ అలారం, ఆపరేటర్లు చూడకుండానే రీసెట్ నొక్కడం అలవాటు చేసుకున్నారు. టైమవుట్ విలువ పెట్టేటప్పుడు మంచి రోజు కాదు, ఆ ప్లాంట్‌లో వచ్చే చెడ్డ రోజును లెక్కలోకి తీసుకోండి.

S90లోకి వచ్చాక పంపు ఇంకా తిరుగుతుంటే S క్వాలిఫయర్ పెట్టిన యాక్షన్లు చూడండి. S అంటే స్టెప్ వదిలినా ఆన్‌లోనే ఉంటుంది, ఎక్కడో R ఉంటేనే ఆగుతుంది. ఫాల్ట్ దారిలో ఆ R పెట్టడం చాలామంది మరచిపోతారు. నేను పంపులకు S వాడడం మానేసి, చార్టు బయట ఒక్కో పంపుకు ఒక్క లైన్ రాస్తాను. ఈ మొదటి సగంలోని స్టెప్పుల వరకు అవి ఇలా ఉంటాయి, `LyePump` అంటే కాస్టిక్ పంపు:

```
RinsePump := S10.X AND NOT RinseLowLevel;
LyePump   := S30.X OR S31.X;
```

స్టెప్ ఆరితే పంపు ఆగుతుంది, ఏ దారిలో ఆరినా సరే. రాత్రి ఫోన్ వస్తే పంపు ఎందుకు తిరుగుతోందో ఆ ఒక్క లైన్ చదివి చెప్పగలను.

మార్పులన్నీ అయ్యాక వాటిని నీళ్లతోనే పరీక్షించాను, కాస్టిక్ పెట్టకుండా. ఆ పరీక్ష కోసం S20 టైమవుట్‌ను 1 నిమిషానికి తగ్గించి, స్టీమ్ చేతి వాల్వు కట్టేసి స్టార్ట్ నొక్కాను. S10 ఇంకా నడుస్తుండగానే S22, S21 వెలిగాయి. 4 నిమిషాలకు S11, వెంటనే S25, S90. రీసెట్ చేశాక S0 ఒక్కటే వెలుగుతూ కనిపించింది. తర్వాత టైమవుట్‌ను మళ్లీ 35 నిమిషాలు చేసి, స్టీమ్ వాల్వు తెరిచాను.