పాలిచ్చే తల్లికి రోజుకు ఎన్ని కేలరీలు కావాలి: లెక్క ఎలా వేయాలి?

డైటీషియన్‌గా బాలింతల తిండి లెక్కలు చాలా చూశాను. అంకెలు దాదాపు ఎప్పుడూ సరైనవే ఉంటాయి, వాటిని కలిపే చోటే తప్పు జరుగుతుంది. ఒకరికి ఒక యాప్ 2,700 చూపిస్తుంది, అదే మనిషికి ఇంకో యాప్ 1,600 చూపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లేమో ఇద్దరికి సరిపడా తినమంటారు, మళ్లీ వాళ్లే పథ్యం పేరుతో వెల్లుల్లి కారం అన్నం తప్ప ఏమీ పెట్టరు. అందుకే నేను వాడే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఈ వారం చూసుకున్న మీ బరువు ఉంటే చాలు.

కాన్పు అయ్యి ఆరు వారాలు దాటాకే ఈ లెక్క వేయండి. మొదటి వారాల్లో తగ్గే బరువులో ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరే కాబట్టి, ఆ అంకెతో వేసిన లెక్క దేనికీ పనికిరాదు.

మొదటి మెట్టు: పాలు పక్కన పెట్టి, మీ మామూలు ఖర్చు

ఇది తేలిక. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టికలో 55 కిలోల మహిళకు, కూర్చుని చేసే పనులైతే, రోజుకు 1,660 కేలరీలు ఇచ్చారు. అంటే కిలోకు సుమారు 30. మీ బరువును 30తో గుణించండి, అంతే. కాన్పుకు ముందు బరువు, మీరు చేరుకోవాలనుకునే బరువు వద్దు, ఇవాళ్టి బరువే.

పొలం పనికో కూలి పనికో మళ్లీ వెళ్తున్నవాళ్లు 30 బదులు 39 వేసుకోవాలి. అదే పట్టికలో ఒక మోస్తరు శ్రమకు 2,130 ఉంది. మిగతావాళ్లంతా 30 దగ్గరే ఉండండి. రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను, రోజంతా బిడ్డను ఎత్తుకునే ఉంటున్నాను కాబట్టి నాది ఎక్కువ శ్రమే కదా అంటారు చాలామంది. అలసట నిజమే, కానీ నిద్ర లేకపోవడం వల్ల వచ్చే అలసట వేరు, ఒళ్లు ఖర్చు చేసే కేలరీలు వేరు. యాప్‌లో శ్రమ ఎంత అని అడిగే ఆ ఒక్క గడిలో పై స్థాయి ఎంచుకుంటే వందల కేలరీలు ఊరికే వచ్చి చేరతాయి.

రెండో మెట్టు: పాల ఖర్చు

తల్లిపాలు గ్రాముకు సుమారు 0.67 కేలరీలు. అయితే ఆ పాలు తయారు చేయడానికి కూడా శరీరం కొంత శక్తి వాడుకుంటుంది. పాల కోసం వాడుకున్న శక్తిలో 80 శాతం పాలలోకి వెళ్తుందని లెక్క. 0.67ను 0.8తో భాగిస్తే 0.84 వస్తుంది. ఒక గ్రాము పాలకు తల్లికి అయ్యే ఖర్చు అది. వంద మిల్లీలీటర్లకు 84 అని గుర్తు పెట్టుకోండి, ఇంట్లో వేసుకునే లెక్కకు గ్రాముకూ మిల్లీలీటరుకూ తేడా చూడక్కర్లేదు.

ఇక ఎన్ని పాలు? ఆరు నెలల లోపు, తల్లిపాలు తప్ప ఏమీ తాగని బిడ్డకు రోజుకు 750 నుంచి 800 గ్రాములు అనుకోవచ్చు. నేను 750 వేస్తాను. అంటే 630 కేలరీలు. డబ్బా పాలు కూడా పడుతున్నవాళ్లు అవి ఎన్ని మిల్లీలీటర్లో 750లోంచి తీసేయండి. 300 డబ్బా పాలైతే మిగిలేది 450, ఖర్చు 378. ఇది మర్చిపోయి మొత్తం 630 వేసుకునేవాళ్లు చాలామంది.

పంపుతో ఒకసారి తీస్తే వచ్చిన పాలను బట్టి మొత్తం అంచనా వేయొద్దు, బిడ్డ తాగే పాలూ పంపుకు వచ్చే పాలూ ఒకటి కావు. పూర్తిగా పంపు మీదే ఉన్నవాళ్లకు మాత్రం తీసిన ప్రతి మిల్లీలీటరూ లెక్కే, ఫ్రీజర్‌లో దాచినా సరే, బిడ్డ తాగకపోయినా సరే. బిడ్డను పాలిచ్చే ముందూ తర్వాతా తూచి తెలుసుకునే పద్ధతి కూడా ఉంది. దానికి ఐదు గ్రాముల తేడా చూపించే కాటా కావాలి, మధ్యలో డైపర్ మార్చకూడదు, 24 గంటలూ ప్రతిసారీ తూచాలి. ఒక్కసారి తూచి ఎనిమిదితో గుణిస్తే అది లెక్క కాదు. ఆ టెన్షన్ మామూలుగా అవసరం లేదు, 750 వేసుకోండి.

మూడో మెట్టు: కలపడం. తప్పు జరిగేది ఇక్కడే

ముందు ఫార్ములా చూడండి.

```
మొత్తం ఖర్చు = (బరువు × 30) + (పాలు × 0.84)
```

ఇందులో మొదటి బ్రాకెట్‌లో ఉన్న 30లో మీ నడక, వంట, బిడ్డను ఎత్తుకోవడం అన్నీ ఉన్నాయి. అసలు కదలకుండా పడుకున్నా శరీరం వాడుకునే శక్తిని బీఎంఆర్ అంటారు, దాన్ని శ్రమను బట్టి 1.4తోనో 1.8తోనో గుణిస్తేనే ఆ అంకె వస్తుంది. పాల ఖర్చు ఆ గుణకారం అంతా అయిపోయాక, విడిగా, చివర్లో కలవాలి. ముందే బీఎంఆర్‌కు కలిపేసి, ఆ మొత్తాన్ని 1.4తో గుణించకూడదు.

దీన్ని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక ఉదాహరణతో చూపిస్తాను. 60 కిలోల తల్లి, మూడు నెలల బిడ్డ, తల్లిపాలు మాత్రమే. మామూలు ఖర్చు 60 × 30 = 1,800. పాలకు 630. మొత్తం 2,430. ఇప్పుడు తప్పు పద్ధతిలో చూడండి. 1,800 వెనకాల ఉన్న బీఎంఆర్ సుమారు 1,286. దానికి 630 కలిపితే 1,916, దాన్ని 1.4తో గుణిస్తే 2,682. రోజుకు 250 ఎక్కువ. నెల రోజులు అలాగే తింటే దాదాపు కిలో బరువు పెరుగుతుంది, ఆవిడేమో పాలిస్తున్నా బరువు తగ్గడం లేదు, నా ఒంట్లోనే ఏదో లోపం ఉందని బాధపడుతుంది. లోపం ఒంట్లో లేదు, బ్రాకెట్‌లో ఉంది. నడిస్తే పాలు ఎక్కువ ఖర్చు కావు. పాలు శరీరం దాటి బిడ్డ కడుపులోకి వెళ్లిపోయే శక్తి, దానికి మీ శ్రమతో సంబంధం లేదు. అదే కారణంగా చేతికి పెట్టుకునే వాచీ కూడా దాన్ని చూడలేదు. వాచీ చూపించే రోజు ఖర్చులో పాల లెక్క ఉండదు, మీరే కలుపుకోవాలి.

రెండో తప్పు దీనికంటే నష్టం చేస్తుంది. 2,430 అనేది ఖర్చు, అంతా తిండి రూపంలోనే రావాలని లేదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి శరీరం కొంత కొవ్వు దాచుకుంటుంది, పాలిచ్చేటప్పుడు అది కరుగుతూ కొంత భాగం భరిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదికలో దీన్ని నెలకు 0.8 కిలోగా, కిలోకు 6,500 కేలరీలుగా తీసుకున్నారు. గుణించి 30తో భాగిస్తే రోజుకు 170 చిల్లర. పాలకు వాళ్లు వేసిన ఖర్చు 675, అందులో 170 పోగా తినాల్సింది 505.

ఇప్పుడు తెలుస్తుంది ఒకచోట 675, ఒకచోట 500 ఎందుకు కనిపిస్తాయో. అమెరికా వాళ్ల 2023 లెక్కలో పాలకు 540, కొవ్వు నుంచి 140, కలపాల్సింది 400. మన జాతీయ పోషకాహార సంస్థ మొదటి ఆరు నెలలకు 600 కలపమంటుంది. ఏ అంకె తీసుకున్నా ముందు అడగాల్సింది ఒక్కటే, ఇందులో కొవ్వు తీసేశారా లేదా అని. తీసేసిన అంకెలోంచి మళ్లీ తీస్తే ఇక అది బాలింత తిండి కాదు.

మన ఉదాహరణలో ఆవిడ నెలకు 0.8 కిలో తగ్గుతోంది అనుకుందాం. 2,430లో 173 కొవ్వు నుంచి వస్తోంది, తినాల్సింది 2,257. ఈ 2,257 చూసి, బరువు తగ్గాలంటే 500 తగ్గించమని ఎక్కడో చదివి 1,757 తింటే, నిజమైన లోటు 500 కాదు, 673. ఇలాంటప్పుడు పాలు వెంటనే తగ్గవు, అందుకే తప్పు బయటపడదు. శరీరం బిడ్డ వాటా ముందు తీసిపెడుతుంది, భారం తల్లి మీద పడుతుంది. నిలబడితే కళ్లు తిరగడం, నీరసం, సాయంత్రానికి చేతుల్లో వణుకు లాంటివి చూసి లెక్క మళ్లీ వేసుకోవాలి. తగ్గకపోతే రక్తహీనత ఉందేమో డాక్టర్‌కు చూపించుకోవాలి.

కొవ్వు తీసివేత అందరికీ కాదు. కడుపుతో ఉన్నప్పుడు బరువు సరిగా పెరగనివాళ్లు, ఇప్పటికే సన్నగా ఉన్నవాళ్లు, బరువు తగ్గకుండా నిలకడగా ఉన్నవాళ్లు ఒక్క కేలరీ కూడా తీయకూడదు, పాల ఖర్చు మొత్తం తినాల్సిందే. నా నియమం ఏమిటంటే, కాటా మీద బరువు తగ్గడం నెల రోజులు కళ్లతో చూశాకే తీయాలి. ముందే ఊహించి తీయొద్దు.

ఆ కేలరీలు కంచంలో ఎంత?

ఆవిడ పాల కోసం అదనంగా తినాల్సింది సుమారు 457. రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, ఒక కప్పు అన్నం కలిపితే దాదాపు అంతే. రెండో మనిషి భోజనం అంత కాదు. అలాగని పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, కూరలు మాన్పించి, రెండు పూటలే పెడితే ఈ అదనం కాదు కదా, మామూలు 1,800 కూడా అందదు. ఆ ఇళ్లలో నేను ఈ కాగితమే అత్తగారి ముందు పెట్టి చూపిస్తాను.

నాలుగో మెట్టు: సరిచూసుకోవడం

వారానికి ఒకసారి, అదే రోజు, పొద్దున్నే బరువు చూసుకోండి. నాలుగు వారాల తేడా లెక్కలోకి తీసుకోండి, రోజువారీ తేడాలు పట్టించుకోవద్దు. నెలకు రెండు కిలోల కంటే ఎక్కువ తగ్గితే తిండి 200 పెంచండి. పెరుగుతుంటే ముందు యాప్‌లో బ్రాకెట్ తప్పు పడిందేమో చూడండి, తిండి తగ్గించడం ఆ తర్వాత.

ఆరు నెలలు నిండి, బిడ్డకు ఉగ్గు మొదలయ్యాక 750 అంకె చెల్లదు. పాలు సుమారు 550కి తగ్గాయనుకుంటే ఖర్చు 460. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో 6 నుంచి 12 నెలలకు 520 ఉంది, అది వేసుకున్నా తప్పు లేదు. ఈ దశలో నేను కొవ్వు తీసివేత మొత్తానికే ఆపేస్తాను. ఆ తర్వాత నెలనెలా ఎన్నిసార్లు పాలిస్తున్నారో చూసుకుంటూ ఆ అంకె తగ్గించుకుంటూ రండి. పూర్తిగా మాన్పించిన రోజు రెండో బ్రాకెట్ సున్నా అవుతుంది, మొదటిదాన్ని ఆనాటి బరువుతో మళ్లీ వేసుకోండి.