పాస్‌బుక్‌లో డబ్బు పెరిగింది, స్లాబ్‌కి మాత్రం చాలలేదు

సమస్య: పటమటలో ఉండే మా పిన్ని మేడ మీద స్లాబ్ వేయిద్దామని అయిదేళ్ల క్రితం 4 లక్షలు సేవింగ్స్ ఖాతాలో పెట్టి ఒక్క రూపాయి కూడా ముట్టుకోలేదు. మొన్న పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే 4,63,000 దాకా ఉంది. అప్పట్లో 4 లక్షలకి ఒప్పుకున్న మేస్త్రీయే ఇప్పుడు అదే పనికి 5,10,000 అంటున్నాడు. "ఒరేయ్, డబ్బు తీయనే లేదు కదరా, మరి ఎలా తక్కువైంది?" అంది.

కారణం: ఖాతాలో వడ్డీ ఏడాదికి 3 శాతం చొప్పున పడింది, ఇనుము, సిమెంటు, కూలీ కలిపి ఖర్చు మాత్రం ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగింది. 2 శాతం తేడాయే కదా అనుకుంటాం గానీ అది ఏటా పేరుకుంటుంది. ఆ 4,63,000ను ఇప్పటి ధరలతో లెక్కేస్తే, అయిదేళ్ల క్రితం 3,63,000కి వచ్చినంత పనే అవుతుంది. బ్యాంకు తప్పేమీ లేదు, మోసమూ జరగలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మీ ఖాతాలోనూ ఇదే జరుగుతోందా అని తెలియాలంటే పాస్‌బుక్‌లో మూడు నెలలకోసారి పడే వడ్డీని ఏడాదికి కూడి, మీరు ఏ పనికి దాచారో ఆ పని ధర ఎంత పెరిగిందో పక్కన పెట్టి చూడండి. ప్రభుత్వం చెప్పే ద్రవ్యోల్బణం అన్ని వస్తువుల సగటు. మీ స్లాబ్‌దో పిల్లల ఫీజుదో లెక్క అంతకంటే ఎక్కువ ఉండొచ్చు, ఒక్కో ఏడాది తక్కువా ఉండొచ్చు.

పరిష్కారం: మొత్తం తీసి ఎక్కడో పెట్టేయమని కాదు. పిన్నికి నెల ఖర్చు 25,000, కాబట్టి నాలుగు నెలలకి లక్ష సేవింగ్స్‌లోనే ఉంచాం, ఆసుపత్రి లాంటి అవసరానికి. మిగతాది ఒకే ఎఫ్‌డీ చేయకుండా ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల గడువుతో మూడు ముక్కలు చేశాం. మధ్యలో డబ్బు కావాల్సొస్తే ఒక్కటే రద్దు చేసుకోవచ్చు, మిగతా రెండింటి వడ్డీకి దెబ్బ తగలదు. గడువుకి ముందే తీస్తే వడ్డీలో కొంత కోస్తారు మరి. ఇంత ఓపిక లేకపోతే ఆటో స్వీప్ అడగండి, పరిమితి దాటిన డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి వెళ్తుంది. కాకపోతే ఎంత దాటితే వెళ్తుంది, ఎన్నాళ్ల గడువు అన్నవి సంతకం పెట్టేముందే అడగాలి.

ఎఫ్‌డీకీ హద్దుంది. వడ్డీ 6.5 శాతం అనుకుంటే, 20 శాతం పన్ను కట్టేవాళ్లకి మిగిలేది 5.2 శాతమే, అంటే ధరలతో సమానంగా నడుస్తుంది తప్ప పెద్దగా లాభం రాదు. పదేళ్ల తర్వాత కావాల్సిన డబ్బయితే కొంత, షేర్ మార్కెట్ సూచీతో పాటే పెరిగి తగ్గే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టొచ్చు, రెండు మూడేళ్లలో స్లాబ్ పడాల్సిన డబ్బుని మాత్రం వద్దు, సరిగ్గా అప్పుడే మార్కెట్ పడితే ఏం చేస్తాం?

ఈ లెక్క చూపించగానే పక్కింటావిడ రెండు రూపాయల వడ్డీకి తిప్పమని సలహా ఇచ్చింది. ఏడాదికి 24 శాతం, వినడానికి బాగానే ఉంది గానీ తీసుకున్నవాడు ఎగ్గొడితే అసలే పోతుంది. బ్యాంకులో అయితే డిపాజిట్‌కి, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంటుంది. పిన్ని ఆ 5 లక్షలు విన్నాకే ఎఫ్‌డీ ఫారాల మీద సంతకం పెట్టింది.