తల్లిపాల పాఠాలు – 4: సాయంత్రం రొమ్ము వదలని బిడ్డ, నిద్ర లేని రాత్రి

పోయిన పాఠంలో ‘గడియారం చూడకండి, బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వండి’ అని రాశాను. దాని మీద వచ్చిన మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే ఫిర్యాదు. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నర దాకా బిడ్డ రొమ్ము వదలడం లేదు, పోనీ అంతసేపు తాగాక రాత్రి పడుకుంటుందా అంటే అదీ లేదు. కొందరు అప్పటికే ఎనిమిదింటికి ఒక సీసా పోతపాలు మొదలుపెట్టేశారు. అందుకే ముందు అనుకున్న పాఠం పక్కన పెట్టి, ఈ సంగతి తేల్చుకుందాం.

సాయంత్రం అరగంటకో, ముప్పావుగంటకో ఒకసారి చొప్పున గంటల తరబడి పాలడగడాన్ని క్లస్టర్ ఫీడింగ్ అంటారు. రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరో వారం దగ్గర బాగా ముదిరి, మూడో నెలకు చాలామందిలో సర్దుకుంటుంది. పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది. అందుకని ఆ వేళలో పాలు కొంచెం కొంచెంగా వస్తాయి, వాటిలో వెన్న శాతం ఎక్కువ. బిడ్డ కొంచెం తాగి, కాస్త ఆగి, మళ్లీ అడుగుతుంది. ఇది జబ్బు కాదు. మామూలుగా ఇలా తాగిన బిడ్డ ఆ తర్వాత మూడు నాలుగు గంటలు ఒకే దఫాగా పడుకుంటుంది కూడా. రాత్రి చెడుతోందంటే సాధారణంగా దానికి ముందూ వెనకా జరిగే పనుల్లో ఎక్కడో తేడా ఉంటుంది.

గుంటూరు అరండల్‌పేటలో పుట్టింట్లో ఉన్న ఒక బాలింత తన పాప లెక్క రాసి పంపింది. పాపకు ఐదు వారాలు. రెండు వారాలప్పుడు 3 కిలోలు, ఇప్పుడు 3.55. అంటే రోజుకు సుమారు 26 గ్రాములు పెరుగుతోంది, చక్కటి పెరుగుదల. రోజుకు ఏడెనిమిది లంగోటాలు తడుపుతోంది. ఇక రోజు ఎలా గడుస్తోందో చూడండి. పదిన్నరకు అమ్మమ్మ నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోస్తుంది. పదకొండుకు ఉయ్యాలలో వేస్తే రెండూ నలభై దాకా పాప కదలదు. ‘స్నానం చేసిన నిద్ర, లేపకండి’ అని ఇంట్లో అందరూ నిశ్శబ్దం. మూడింటికి ఒకసారి పాలు. ఐదున్నర నుంచి వరస: ఐదున్నర, ఆరూ పది, ఆరూ యాభై, ఏడూ ఇరవై. ఎనిమిదింటికి 90 మి.లీ. పోతపాలు. పదకొండూ నలభై వరకు నిద్ర. అక్కడి నుంచి మూడు దాకా ముప్పావుగంటకోసారి లేవడం, ఏడుపు, గ్యాస్.

ఇందులో రెండు తప్పుతున్నాయి. మొదటిది మధ్యాహ్నం నిద్ర. దాదాపు నాలుగు గంటల్లో ఒక పూట పాలు పోయాయి, ఆ బాకీ సాయంత్రం మీద, రాత్రి మీద పడింది. నిద్రలో ఉన్న బిడ్డ అడగదు కదా. స్నానం కాగానే పాలిచ్చి పడుకోబెట్టండి, రెండు గంటలు దాటితే గుడ్డ విప్పి, లంగోటా మార్చి లేపండి. అమ్మమ్మలకు ఇది నచ్చదు, అయినా లేపండి.

రెండోది ఎనిమిదింటి సీసా. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. సీసా ఎందుకు ఇచ్చారని అడిగితే జవాబు దాదాపు ఒకటే: ‘సాయంత్రానికి రొమ్ము మెత్తబడిపోతోంది, పిండితే రావడం లేదు, పంపు పెడితే 20 మి.లీ. కూడా రాలేదు.’ రొమ్ము మెత్తగా ఉంటే పాలు లేవని కాదు. పాలు తయారవుతూనే ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడే తయారీ వేగం పెరుగుతుంది, నిండుగా గట్టిపడినప్పుడు తగ్గుతుంది. పంపు విషయానికొస్తే, బిడ్డ అప్పుడే మూడుసార్లు తాగిన రొమ్ముకు దాన్ని పెడుతున్నారు. పైగా పంపుకు చేపు రావడం వేరు, బిడ్డకు రావడం వేరు. కంగారుగా సీసా వైపు చూస్తూ కూర్చుంటే చేపు అసలే ఆలస్యమవుతుంది. పాలు చాలుతున్నాయో లేదో చెప్పేవి బరువు, తడిసిన లంగోటాలు. మెత్తదనం కాదు, పంపు కాదు, ‘మా వదినకు కారిపోయేవి’ అన్న మాట అంతకన్నా కాదు.

ఇక ఆ సీసా రాత్రిని ఎలా చెడగొడుతుందో చూడండి. పాప నాలుగు గంటలు పడుకుంది, అంతసేపూ రొమ్ములో పాలు నిలిచాయి. పదకొండూ నలభైకి రొమ్ము రాయిలా ఉంది. చేపు ఒక్కసారిగా వచ్చి పాప ఉక్కిరిబిక్కిరై, గాలి మింగి, వదిలేసి ఏడ్చింది. మరోవైపు, రోజూ ఆ వేళకు పాలు నిలిచిపోతుంటే ఒంటికి ‘ఈ పూట ఇంత అక్కర్లేదు’ అని అర్థమవుతుంది. వారం తిరిగేసరికి సాయంత్రం పాలు నిజంగానే తగ్గుతాయి, రెండో సీసా అవసరమవుతుంది. అప్పుడు ‘చూశారా, ముందే చెప్పాం’ అంటారు.

సీసా అలవాటైన బిడ్డకు ఒక్కసారిగా ఆపకండి. బరువు బాగా పెరుగుతుంటే రెండేసి రోజులకు 30 మి.లీ. తగ్గించుకుంటూ రండి, మధ్యలో ఒకసారి బరువు చూపించుకోండి. డాక్టరు చెప్పి ఇప్పిస్తున్న పోతపాలైతే ఆయన్ని అడగకుండా తగ్గించవద్దు.

ఆ సాయంత్రాల్లో చేయాల్సిన పని గుటక చూడడం. నోరు పెద్దగా తెరిచి, గడ్డం కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, మూస్తే అది గుటక. చిన్న చిన్నగా పెదాలు ఆడుతుంటే అది తాగడం కాదు, ఊరికే చప్పరించడం. గుటకలు ఆగగానే బొటనవేలు ఒక వైపు, మిగతా వేళ్లు ఇంకో వైపు, నల్లటి భాగానికి దూరంగా ఉంచి రొమ్మును మెల్లగా నొక్కి పట్టుకోండి. గుటకలు మళ్లీ మొదలవుతాయి. అప్పటికీ రాకపోతే రెండో వైపుకు మార్చండి. ఒక్క ఫీడ్‌లో నాలుగుసార్లు మార్చినా ఫరవాలేదు. చప్పరిస్తూ నిద్రపోయిన బిడ్డను పక్కలో వేస్తే పది నిమిషాల్లో లేస్తుంది, కడుపు సగమే నిండింది కాబట్టి. ఆరున్నరకల్లా ట్యూబ్‌లైట్, టీవీ ఆపేయండి, చూడడానికొచ్చేవాళ్లను పగలు రమ్మనండి. దిష్టి తీయాలంటే తీయండి గానీ, మిరపకాయల పొగ, సాంబ్రాణి పొగ ఉన్న గదిలో బిడ్డను ఉంచకండి. సోఫాలో పాలిస్తూ మీరే కునుకు తీయడం మాత్రం ప్రమాదం. నిద్ర ముంచుకొస్తే బిడ్డను ఇంకొకరి చేతికివ్వండి.

అరండల్‌పేట పాప సాయంత్రాలు పూర్తిగా మారలేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా ఇంకా అడుగుతూనే ఉంది. కానీ సీసా ఆగాక తొమ్మిదింపావుకు పడుకుని పన్నెండున్నరకు, తర్వాత మూడింటికి లేస్తోంది.

రోజంతా, పగలూ రాత్రీ అదే తీరున తాగుతూ తృప్తి పడకపోతే, లంగోటాలు ఆరు కన్నా తక్కువ తడిస్తే, బరువు పెరగకపోతే ఇది క్లస్టర్ ఫీడింగ్ కాదు, డాక్టరుకు చూపించండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, పచ్చటి వాంతి, లేపినా లేవని మగత ఉంటే ఆ రాత్రే వెళ్లాలి.

అభ్యాసం: మూడు సాయంత్రాలు, ఐదు నుంచి పది దాకా, ప్రతి ఫీడ్‌కు మొదలైన టైము, ఏ వైపు, గుటకలు వినిపించిన నిమిషాలు రాయండి. చప్పరించిన నిమిషాలు కలపకూడదు. పక్కనే ఆ రోజు మధ్యాహ్నం నిద్ర ఎంతసేపో, లంగోటాలు ఎన్నో రాయండి. ఫోన్ యాప్ కన్నా గోడ మీది తెలుగు క్యాలెండరు నాకు ఇష్టం, ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. డైపరు వాడేవాళ్లు ఈ మూడు రోజులు నూలు లంగోటాలు కట్టండి, లేకపోతే లెక్క తెలియదు. ఆ కాగితాలు దగ్గర పెట్టుకుని వచ్చే పాఠం చదవండి, తెల్లవారుజాము ఫీడ్ లెక్క వాటితోనే వేద్దాం.