జైల్లో ఉన్న మనిషితో బంధం తెగకుండా - మూడో పాఠం: మొదటి ములాఖత్

పోయిన పాఠంలో రిమాండ్ కాగితం చదవడం నేర్చుకున్నాం. అందులోంచి నాలుగు సంగతులు రాసిపెట్టుకోమన్నాను: కేసు నంబరు, పోలీస్ స్టేషన్, రిమాండ్ మొదలైన తేదీ, తర్వాతి వాయిదా. ఆ చీటీ ఇప్పుడు పక్కన పెట్టుకోండి. ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

ఉదాహరణకు గాజువాకలో ఒక కుటుంబం అనుకుందాం. ఇంటాయన్ని విశాఖ సెంట్రల్ జైలుకు రిమాండ్ చేశారు. ఆయనకు షుగర్ ఉంది. భార్య, తల్లి మొదటిసారి చూడటానికి వెళ్లాలి.

ముందుగా దారి. ఆటో ఎక్కి 'జైలు రోడ్డు' అంటే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దించేస్తారు. పాత జైలు ఉన్నది అక్కడే, ఇప్పుడు ఆ స్థలంలో సెంట్రల్ పార్కు ఉంది. ఇప్పటి జైలు సింహాచలం పక్కన, అడవివరంలో. గాజువాక నుంచి గోపాలపట్నం, సింహాచలం మీదుగా వెళ్లాలి. ఎవరిని అడిగినా 'అడవివరం సెంట్రల్ జైలు' అని పూర్తిగా చెప్పండి.

ఇల్లు కదిలే ముందే ములాఖత్ నమోదు చేసుకోవాలి. `eprisons.nic.in` లో `eMulakat` అనే చోట ఫారం ఉంటుంది. రాష్ట్రం, జైలు, ఏ రోజు వస్తారో ఎంచుకుని, చూడబోయేవాళ్ల వివరాలు, గుర్తింపు కార్డు, లోపల ఉన్న మనిషి పేరు, ఆయన తండ్రి పేరు, మీకేమవుతారో నింపాలి. స్వయంగా వెళ్తారా, వీడియోలో మాట్లాడతారా అనీ అడుగుతుంది. చివర్లో ఓటీపీ వస్తుంది. ఓటీపీ కొట్టగానే పని అయిపోయిందనుకోకండి. అప్పటికి మీరు పంపింది అభ్యర్థనే. జైలు వాళ్లు దాన్ని ఒప్పుకున్నట్టు కబురు వచ్చాకే బయల్దేరండి.

ఎక్కువగా చిక్కొచ్చేది పేరు దగ్గర. ఇంట్లో అందరూ రాజు అని పిలిచే మనిషి ఆధార్‌లో అప్పలరాజు అయి ఉంటాడు. రిమాండ్ కాగితంలో ఇంటిపేరు ముందో వెనకో చేరి ఉంటుంది. జైలు రిజిస్టరు నడిచేది ఆ రిమాండ్ కాగితం మీదే. కాబట్టి ఫారంలోనూ అందులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా కొట్టండి. తండ్రి పేరుకూ ఇదే వర్తిస్తుంది. 'అలాంటివాళ్లు ఇక్కడ లేరు' అని గేటు దగ్గర చెబితే కంగారుపడి వెనక్కి వచ్చేయకండి. చీటీ తీసి కేసు నంబరు, స్టేషన్ పేరు చెప్పి మళ్లీ చూడమనండి.

వారంలో ఎన్నిసార్లు కలవొచ్చు, ఒకసారికి ఎంతమంది వెళ్లొచ్చు అన్నది రిమాండ్‌లో ఉన్నవాళ్లకు ఒకలా, శిక్ష పడ్డవాళ్లకు ఇంకోలా ఉంటుంది. పక్కింటివాళ్ల మాట మీద పోకుండా జైలు కౌంటర్‌లోనే కనుక్కోండి.

గేటు దగ్గర తనిఖీ చేస్తారు. 1894 నాటి జైళ్ల చట్టం ప్రకారం తనిఖీకి ఒప్పుకోనివాళ్లను లోపలికి పంపకపోవచ్చు. ఫోను, బ్యాగు బయటే వదిలేయాలి. తల్లిమనసు కొద్దీ కొడుక్కి బీడీలో, డబ్బో చీర కొంగులో కట్టి తీసుకెళ్లే పెద్దవాళ్లుంటారు. దయచేసి ఆపండి. నిషేధించిన వస్తువు లోపలికి చేరవేస్తే అదే చట్టంలోని 42వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, లోపల ఉన్నవాడికీ సౌకర్యాలు పోతాయి. డబ్బు ఇవ్వాలంటే ఖైదీ పేరున ఉండే ఖాతాలో కట్టాలి. దానితో ఆయన జైలు క్యాంటీన్‌లో సబ్బో, బిస్కెట్లో కొనుక్కుంటాడు. 'నాకివ్వండి, లోపల చూసుకుంటాను' అని గేటు బయట ఎవరన్నా రూపాయి కూడా ఇవ్వకండి.

మందులూ నేరుగా చేతికి అందవు. డాక్టర్ చీటీ జిరాక్స్ తీసుకెళ్లి, ఈయనకు షుగర్ ఉంది, ఈ మాత్ర రోజూ వేసుకోవాలి అని కౌంటర్‌లో చెప్పి జైలు డాక్టరుకు అందేలా అడగండి. ఈ పని మొదటి ములాఖత్ రోజే కావాలి. తర్వాత చూద్దాంలే అనుకునే పని కాదిది.

ఇక అసలు ఘట్టం. మధ్యలో జాలీయో అద్దమో, అవతల ఆయన, పక్కన సిబ్బంది. చుట్టూ నాలుగైదు కుటుంబాలు ఒకేసారి మాట్లాడుతుంటాయి. మనిషిని చూడగానే ఏడుపు తన్నుకొస్తుంది, దొరికేది కొద్ది నిమిషాలే. "నాన్నా, తిన్నావేట్రా?" అని తల్లి మొదలుపెడితే టైమంతా అక్కడే అయిపోవచ్చు. అందుకని ముందే పంచుకోండి. మొదటి రెండు నిమిషాలు తల్లివి. మిగతాది భార్య అడగాలి: "ఏమండీ, మాత్రలు అందుతున్నాయా? డాక్టర్ చూశారా? లాయరు వచ్చారా? వకాలత్ మీద సంతకం పెట్టారా?" చివరి ప్రశ్న మరిచిపోకండి. మన తరఫున వాదించమని లాయరుకు అధికారం ఇచ్చే కాగితమే వకాలత్. జైల్లో ఉన్న మనిషి వకాలత్ మీద పెట్టిన సంతకాన్ని జైలు అధికారి ధ్రువీకరించాలి. అది ఆగితే బెయిల్ పిటిషన్ ఆలస్యమవుతుంది.

కేసులో ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు అన్నవి అక్కడ మాట్లాడకండి. పక్కనున్నవాళ్లకు వినిపిస్తాయి. ఆ మాటలు లాయరుతోనే. లాయరు ములాఖత్ వేరుగా ఉంటుంది, వాళ్ల మాటలు సిబ్బంది వినకూడదు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు ఉంది.

ఆయన చెప్పే కొన్ని మాటలు విని ఇంటికొచ్చి బెంగపడతారు కాబట్టి లోపలి రోజు ఎలా గడుస్తుందో కాస్త తెలియాలి. తెల్లవారగానే బ్యారక్ తాళం తీసి తలలు లెక్కపెడతారు. సాయంత్రం చీకటి పడకముందే భోజనం పెట్టి, మళ్లీ లెక్క చూసి తాళం వేస్తారు. 'సాయంత్రమే అన్నం పెట్టేస్తున్నారు' అంటే అది శిక్ష కాదు, అందరికీ అంతే. కాకపోతే షుగర్ ఉన్నవాళ్లకు ఆ తర్వాత తెల్లారేదాకా చాలా గంటల విరామం వస్తుంది. ఇది జైలు డాక్టరుకు చెప్పాల్సిన సంగతే, రాత్రికి దాచుకోవడానికి ఏమైనా రాయించుకోవచ్చు. పని విషయానికొస్తే, కఠిన కారాగార శిక్ష పడ్డవాళ్లే తప్పనిసరిగా చేయాలి, దానికి కూలీ జమవుతుంది. రిమాండ్‌లో ఉన్నాయన సొంత బట్టలే వేసుకోవచ్చు, పని చేయమని బలవంతపెట్టకూడదు.

ఇంటికి రాగానే, మరిచిపోకముందే, ఆయన చెప్పింది చీటీ వెనక రాయండి. పక్కనే క్యాలెండర్‌లో రిమాండ్ మొదలైన రోజు నుంచి 60వ రోజుకు, 90వ రోజుకు గుర్తు పెట్టండి. మామూలుగా, పదేళ్లు, ఆపైన శిక్ష పడే పెద్ద నేరాలకు 90, మిగతా వాటికి 60 రోజుల్లోగా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అది దానంతటదే రాదు, అడగాలి. ఛార్జిషీటు పడ్డాక అడిగితే ఆ హక్కు ఉండదు. మీ కేసుకు ఏ లెక్క వర్తిస్తుందో, ఖచ్చితంగా ఏ రోజో లాయరును ముందే అడిగి, వర్తించని గుర్తు కొట్టేయండి.

వచ్చే పాఠం జైలు ఫోన్ గురించి. అది లోపలి నుంచి బయటికే పనిచేస్తుంది, అదీ ముందుగా నమోదైన నంబర్లకే. ఈలోగా ఇంట్లో ఎప్పుడూ ఎత్తే నంబరు ఏదో తేల్చుకుని, ఆ సిమ్ ఎవరి పేరున ఉందో చూసి పెట్టుకోండి.