లాభం 800 రావాలి, చేతికి 513 వచ్చింది: షేర్ల కాంట్రాక్ట్ నోట్‌లో ఏ లైన్ ఏం చెబుతుంది

మా చెల్లెలు ఒక కంపెనీ షేర్లు 200 కొంది, ఒక్కోటి 500 రూపాయలకి. పది రోజుల తర్వాత 504కి అమ్మింది. "అన్నయ్యా, నాలుగు రూపాయల చొప్పున 800 రావాలి కదా, ఐదొందల చిల్లరే మిగిలిందేంటి?" అని ఫోన్ చేసింది. ఒక్కో రోజు ట్రేడ్‌ల లెక్క రాసి బ్రోకర్ మెయిల్‌లో పంపే కాంట్రాక్ట్ నోట్లు రెండూ తెరవమన్నాను. పాస్‌వర్డ్ చాలా చోట్ల పాన్ నంబరే ఉంటుంది. ట్రేడ్ జరిగిన 24 గంటల్లోపు బ్రోకర్ ఈ నోట్ పంపాలి. యాప్‌లో కనిపించే లాభనష్టాల అంకె అంచనా మాత్రమే. లెక్కకు నిలబడేది ఈ నోటే.

సమస్య: అనుకున్న లాభం కంటే తక్కువ వచ్చింది

ముందు కొన్న రోజు నోట్ చూద్దాం. షేర్ల విలువ 1,00,000. దాని కింద ఉన్న లైన్లు ఇవి:

- బ్రోకరేజ్: 20.00
- ఎక్స్ఛేంజ్ ట్రాన్సాక్షన్ ఛార్జీ: 2.97
- సెబీ ఫీజు: 0.10
- జీఎస్టీ: 4.15
- సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ టాక్స్, అంటే ఎస్‌టీటీ: 100.00
- స్టాంప్ డ్యూటీ: 15.00

మొత్తం 142.22. అంటే ఆమె కట్టింది 1,00,142.22.

అమ్మిన రోజు విలువ 1,00,800. బ్రోకరేజ్ 20, ట్రాన్సాక్షన్ ఛార్జీ 2.99, సెబీ ఫీజు 0.10, జీఎస్టీ 4.16, ఎస్‌టీటీ 101. మొత్తం 128.25. అవి పోగా రావలసింది 1,00,671.75. రెండు నోట్లకీ తేడా తీస్తే లాభం 529.53.

ఈ ఛార్జీల్లో బ్రోకర్‌కి చేరింది రెండు వైపులా కలిపి 40 రూపాయలే. అసలు భారం ఎస్‌టీటీది, 201 రూపాయలు. ఇది 2004 అక్టోబరు నుంచి కేంద్రం వసూలు చేస్తున్న పన్ను. కొన్న రోజే అమ్మేయకుండా షేర్లు ఉంచుకునే డెలివరీ ట్రేడ్ అయితే కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు మళ్లీ 0.1 శాతం. లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అని చూడరు. మొత్తాన్ని దగ్గరి రూపాయికి సర్దుతారు కాబట్టే 100.80 కాస్తా 101 అయింది.

స్టాంప్ డ్యూటీ కొన్నవాళ్ల మీదే పడుతుంది. డెలివరీకి 0.015 శాతం, అంటే లక్షకి 15 రూపాయలు. ఒకే రోజు కొని అమ్మేసే ఇంట్రాడేకి 0.003 శాతం. 2020 జులై 1కి ముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటు ఉండేది. ఇప్పుడు దేశమంతా ఒకటే రేటు, డబ్బు మాత్రం కొన్న వ్యక్తి ఉండే రాష్ట్రానికి వెళుతుంది. అమ్మిన రోజు నోట్‌లో స్టాంప్ డ్యూటీ కనిపిస్తే కంగారు పడొద్దు. నోట్ ఆ రోజు మొత్తానికి ఒకటే వస్తుంది. అదే రోజు ఇంకేమైనా కొన్నారేమో అనుబంధ పేజీలో చూడండి. ఏమీ కొనకుండానే పడి ఉంటే అప్పుడు బ్రోకర్‌ని అడగాల్సిందే.

పరిష్కారం ఏమిటంటే, అమ్మేముందే ఈ ఖర్చును లెక్కలో వేసుకోవాలి. పై ఉదాహరణలో రానూపోనూ ఛార్జీలు 270 దాటాయి. 200 షేర్లకి పంచితే షేరుకి దాదాపు 1 రూపాయి 35 పైసలు. అంటే 501.35 దగ్గర అమ్మి ఉంటే నోట్ల లెక్కలో లాభమూ లేదు, నష్టమూ లేదు.

సమస్య: నేను చూసిన ధర ఒకటి, నోట్‌లో ధర ఇంకొకటి

చెల్లెలు బటన్ నొక్కినప్పుడు స్క్రీన్ మీద 499.90 ఉంది. నోట్ మొదటి పేజీలో మాత్రం 500 ఉంది. ఆమె పెట్టింది మార్కెట్ ఆర్డర్, అంటే అప్పుడు దొరికిన ధరకి కొనేయమని. 499.90 దగ్గర 120 షేర్లే దొరికాయి, మిగతా 80 షేర్లు 500.15కి వచ్చాయి. 59,988 ప్లస్ 40,012, మొత్తం సరిగ్గా లక్ష. అందుకే సగటు 500. అనుబంధ పేజీలో ఒక ఆర్డర్ నంబర్ కింద రెండు ట్రేడ్ నంబర్లు, వాటి సమయాలు విడివిడిగా కనిపిస్తాయి.

ఇక్కడే చాలామంది తడబడే చోటు ఇంకొకటి ఉంది. కొందరు బ్రోకర్లు బ్రోకరేజ్‌ని షేరుకి ఇంత అని ధరలోనే కలిపి చూపిస్తారు. 20 రూపాయలని 200 షేర్లకి పంచితే 10 పైసలు, కాబట్టి నికర ధర 500.10 అవుతుంది. అలా చూపించిన నోట్‌లో కింద బ్రోకరేజ్‌ని మళ్లీ తీసేస్తే రెండుసార్లు తీసినట్టే. మీరు ఏ కాలమ్ నుంచి లెక్క మొదలుపెట్టారో ముందు చూసుకోండి.

సమస్య: జీఎస్టీ లెక్క కుదరడం లేదు

20 రూపాయల బ్రోకరేజ్ మీద 18 శాతం అంటే 3.60 ఉండాలి, నోట్‌లో 4.15 ఉంది. ఎక్కువ పట్టేశారని అనుకోవడం సహజం. కారణం, జీఎస్టీ బ్రోకరేజ్ ఒక్కదాని మీద కాదు, సేవ కింద వచ్చే మూడు లైన్ల మీద పడుతుంది:

```
(బ్రోకరేజ్ + ట్రాన్సాక్షన్ ఛార్జీ + సెబీ ఫీజు) × 18 / 100
(20.00 + 2.97 + 0.10) × 18 / 100 = 4.15
```

"బ్రోకరేజ్ సున్నా" అని చెప్పే బ్రోకర్ దగ్గర కూడా కాస్త జీఎస్టీ కనిపించేది ఇందుకే. ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీ స్వయంగా పన్నులే కాబట్టి వాటి మీద జీఎస్టీ ఉండదు. బ్రోకర్ వేరే రాష్ట్రంలో నమోదై ఉంటే ఐజీఎస్టీ అని ఒకే లైన్ వస్తుంది, మీ రాష్ట్రంలోనే అయితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని తొమ్మిదేసి శాతం రెండు లైన్లు వస్తాయి. మొత్తంలో తేడా లేదు.

ఈ మూడింటిలో ట్రాన్సాక్షన్ ఛార్జీ ఎక్స్ఛేంజ్‌ని బట్టి మారుతుంది. 2.97 అన్నది ఎన్‌ఎస్‌ఈ 2024 అక్టోబరు 1 నుంచి లక్షకి పెట్టిన రేటు, బీఎస్‌ఈలో ఇంకో రేటు. సెబీ ఫీజు కోటికి 10 రూపాయలు, అంటే లక్షకి పది పైసలు. ఈ సూత్రంతో వేసినా అంకె పైసల్లో కాక రూపాయల్లో తేడా వస్తే, నోట్ నంబర్ రాసి బ్రోకర్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పి వదిలేయొద్దు, రాతపూర్వకంగా ఉండాలి. అక్కడ తేలకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

సమస్య: నోట్ సరిపోయింది, లెడ్జర్ సరిపోలేదు

చెల్లెలికి నోట్ల ప్రకారం 529.53 మిగలాలి, బ్రోకర్ దగ్గర ఆమె డబ్బు జమాఖర్చులు చూపే లెడ్జర్‌లో ఇంకో 15.93 తగ్గింది. అది డీపీ ఛార్జీ, అంటే డిపాజిటరీ పార్టిసిపెంట్ ఛార్జీ. మన డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు బయటికి వెళ్లినప్పుడు పడుతుంది. ఆమె బ్రోకర్ దగ్గర అది 13.50, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇది ట్రేడ్ ఖర్చు కాదు, డీమ్యాట్ ఖర్చు. అందుకే కాంట్రాక్ట్ నోట్‌లో ఎంత వెతికినా దొరకదు. చివరికి మిగిలింది 513.60.

ఎన్ని షేర్లు అమ్మినా ఒక కంపెనీకి రోజుకి ఒకసారే ఈ ఛార్జీ వేస్తారు. కాబట్టి 200 షేర్లని రోజుకి 50 చొప్పున నాలుగు రోజులు అమ్మితే నాలుగుసార్లు పడుతుంది. రెండు, మూడు వేల విలువైన చిన్న అమ్మకాలు తరచుగా చేసేవాళ్లకి ఎస్‌టీటీ కంటే ఇదే బరువు.

సమస్య: ఎస్‌టీటీ అనుకున్నంత లేదు

నాకు అన్నిటికంటే ముఖ్యమైన లైన్ ఇదే. మీ ట్రేడ్‌ని డెలివరీగా లెక్కపెట్టారా, ఇంట్రాడేగా లెక్కపెట్టారా అన్నది ఎస్‌టీటీ అంకెలో తెలిసిపోతుంది. ఇంట్రాడేలో కొన్నప్పుడు ఎస్‌టీటీ ఉండదు, అమ్మినప్పుడు 0.025 శాతమే. యాప్‌లో మీరు ఏ బటన్ నొక్కారన్నది లెక్కలోకి రాదు. ఒకే రోజు ఒకే ఎక్స్ఛేంజ్‌లో ఒకే షేరు ఎంత కొన్నారు, ఎంత అమ్మారు అన్నదే చూస్తారు.

500 ధర దగ్గర ఒకే రోజు 300 కొని 200 అమ్మారనుకోండి. 200 ఇంట్రాడే, దాని ఎస్‌టీటీ 25. మిగిలిన 100 డెలివరీ, దాని ఎస్‌టీటీ 50. నోట్‌లో 75 అని ఒకే అంకె కనిపిస్తుంది. ఏ ఒక్క శాతంతో గుణించినా అది రాదు. విడదీస్తేనే వస్తుంది.

దీన్ని పట్టించుకోక నాకు తెలిసిన ఒకాయన గట్టిగా నష్టపోయారు. ఆయన దగ్గర 700కి కొన్న షేర్లు 200 ఉన్నాయి, ధర 500కి పడింది. మార్చిలో ఆ 40,000 నష్టాన్ని చూపించి వేరే లాభాల మీద పన్ను తగ్గించుకుందామని పొద్దున అమ్మి, షేరు మీద నమ్మకం ఉండటంతో మధ్యాహ్నం అదే ధరకి తిరిగి కొన్నారు. రెండూ డెలివరీ బటన్‌తోనే. నోట్‌లో ఎస్‌టీటీ 200 ఉండాల్సింది 25 ఉంది. తక్కువ పడింది కదా అని సంతోషించారు. జులైలో రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ చెప్పారు: అమ్మకం, కొనుగోలు ఒకదానికొకటి కొట్టేసుకున్నాయి, పాత షేర్లు డీమ్యాట్ నుంచి కదలనే లేదు, 40,000 నష్టం బుక్ కాలేదు.

ఆ సాయంత్రమే నోట్ చూసి ఉంటే సరిదిద్దుకునే వీలు ఉండేది. మర్నాడు మళ్లీ అమ్మి, ఆ రోజు కొనకుండా ఆగితే నోట్‌లో ఎస్‌టీటీ సరిగ్గా 100 పడుతుంది. 0.1 శాతం కనిపించిందంటే డెలివరీగా లెక్కపెట్టారని అర్థం. తిరిగి కొనడం ఆ తర్వాతి ట్రేడింగ్ రోజు. ఈలోపు ధర పెరిగే ప్రమాదం ఉంది, దాన్ని తప్పించే దారి లేదు. అందుకే ఈ పని మార్చి చివరి ట్రేడింగ్ రోజు దాకా లాగకుండా, తప్పు జరిగితే ఇంకోసారి అమ్మడానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకుని చేయాలి.

రిటర్న్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. క్యాపిటల్ గెయిన్స్ లెక్కలో బ్రోకరేజ్, స్టాంప్ డ్యూటీ లాంటివి ఖర్చు కింద తీసేయవచ్చు, ఎస్‌టీటీని తీసేయడానికి లేదు. చెల్లెలి విషయంలో చేతికి వచ్చింది 513 అయినా, ఎస్‌టీటీ 201 రూపాయలు పన్ను లెక్కలో లాభంగానే ఉండిపోతాయి. అందుకే నోట్‌లోని ఛార్జీలన్నిటినీ ఒకే అంకెగా కూడి ఆడిటర్‌కి ఇవ్వకుండా, ఎస్‌టీటీని పక్కన వేరే కాలమ్‌లో రాసి పెట్టమన్నాను.