లారీలో సరుకు పగిలితే నష్టం ఎవరిది? ఆర్డర్ పెట్టే ముందే తేల్చుకోవడం ఎలా

హన్మకొండలో మాది టైల్స్ దుకాణం. ఒకసారి గుజరాత్‌లోని మోర్బీ నుంచి 420 రూపాయల చొప్పున 400 బాక్సులు తెప్పించాం. లారీ తాడు విప్పి చూస్తే 46 బాక్సులు పగిలి ఉన్నాయి. అంటే 19,320 రూపాయలు. సగం డబ్బు ఇంకా కట్టలేదు కాబట్టి నష్టం ఫ్యాక్టరీ వాళ్లదే అనుకున్నాను. అది తప్పు. సరుకు కొనేవాళ్లలో చాలామంది పొరబడేది ఇక్కడే.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, సరుకు ఎవరి సొంతమో నష్టం వాళ్లదే. డబ్బు కట్టారా, సరుకు చేతికి ముట్టిందా అన్నది లెక్కలోకి రాదు. మన ఆర్డర్ ప్రకారం బాక్సులు విడిగా తీసి, మన పేరు మీద ట్రాన్స్‌పోర్ట్‌కు అప్పగించగానే మామూలుగా సరుకు మన సొంతమైపోతుంది. అంటే లారీ మోర్బీ గేటు దాటకముందే బరువు మన నెత్తిన పడుతుంది. అమ్మినవాళ్లు ఎల్ఆర్‌ను, అంటే లారీ రసీదును, తమ పేరు మీదే రాయించుకొని, డబ్బు కట్టాకే ఇస్తామని పెట్టుకుంటే మాత్రం అప్పటిదాకా సరుకు వాళ్లదే.

ఆర్డర్‌లో ఒక్క మాట రాయించండి

రేటు అడిగినప్పుడు అవతలి వాళ్లు 'ఎక్స్-ఫ్యాక్టరీ' అంటే దారి నష్టం మనది. 'ఎఫ్ఓఆర్ వరంగల్' అంటే మామూలుగా ఇక్కడిదాకా చేర్చే బాధ్యత వాళ్లది. కానీ కొందరు కిరాయి తామే కడతామన్న అర్థంలోనే ఎఫ్ఓఆర్ అని రాసి, తర్వాత గొడవ పెడతారు. అందుకే ఆర్డర్‌లో తెలుగులోనో హిందీలోనో సూటిగా రాయండి: "మా గోదాం దగ్గర దించి లెక్క చూసుకునే వరకు పగుళ్లు, లోటు మీ బాధ్యత." వాట్సాప్‌లో వాళ్లు 'ఓకే' అన్నా ఆ మెసేజ్ దాచండి. పగుళ్లకు ఎంత వరకు మినహాయింపు అని బిల్లు మీద ఉందేమో కూడా చూడండి. నేను అప్పుడు చూసుకోలేదు. నా ఆర్డర్‌లో ఉన్నది 'ఎక్స్-ఫ్యాక్టరీ' అనే.

సంతకానికి ముందు దించి చూడండి

డ్రైవర్ తొందరపెడతాడు, హమాలీలు ఎదురుచూస్తుంటారు. అయినా 'సరుకు మంచిగా ముట్టింది' అని ఉన్న కాగితం మీద అప్పుడే సంతకం పెట్టకండి. లారీ నంబర్ కనపడేలా, తాడు విప్పగానే, అడుగు వరుసలు తీసేటప్పుడు ఫొటోలు తీయండి. ఎల్ఆర్ కాపీ మీద 'పగిలినవి 46 బాక్సులు' అని రాసి డ్రైవర్ సంతకం తీసుకోండి.

అడుగు వరుసల ఫొటోయే నన్ను ఆదుకుంది. టైల్స్ బాక్సులను నిలబెట్టి పేర్చాలి. ఫ్యాక్టరీ మనుషులు వాటిని పడుకోబెట్టి, పైన బరువు వేశారు. నష్టం కొన్నవాళ్లదే అయినా, అమ్మినవాళ్లు సరిగ్గా ప్యాక్ చేయకపోయినా, తప్పుగా లోడ్ చేసినా ఆ తప్పు వాళ్లదే అని గట్టిగా అడగొచ్చు.

మన ఆలస్యం కూడా మన మీదికే వస్తుంది. సరుకు వచ్చిందని ఫోన్ చేసినా విడిపించుకోక, ట్రాన్స్‌పోర్ట్ గోదాంలో వారం ఉంచామనుకోండి. ఆ వారంలో వాన నీళ్లు చేరి పాడైతే, ఆలస్యం వల్ల వచ్చిన ఆ నష్టాన్ని ఎఫ్ఓఆర్ అని రాసుకున్నా అమ్మినవాళ్ల మీద వేయలేం.

ట్రాన్స్‌పోర్ట్‌కు నోటీసు ఇవ్వండి

2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం, కోర్టుకు పోవాలంటే ముందు ట్రాన్స్‌పోర్ట్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. గడువు 180 రోజులు. అది సరుకు ముట్టిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

వాళ్లు ఇచ్చేదానికీ పరిమితి ఉంది. ఎక్కువ విలువ అని ముందే చెప్పి, దానికి తగ్గ అదనపు చార్జీ కట్టకపోతే కిరాయికి 10 రెట్లే. మా కిరాయి 22,000 కాబట్టి పరిమితి 2,20,000. మా నష్టం అందులోనే ఉంది. కానీ 900 కిరాయితో 60,000 రూపాయల మిషన్ తెప్పిస్తే, అది పూర్తిగా పాడైనా చేతికొచ్చేది 9,000 మించదు. అలాంటప్పుడు బుకింగ్‌లోనే విలువ రాయించడమో, ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోవడమో తప్పదు. ఎక్స్-ఫ్యాక్టరీ కొనుగోలైతే ఆ పాలసీ మనమే తీసుకోవాలి.

నా విషయంలో ఫొటోలు పంపాక ఫ్యాక్టరీ వాళ్లు 9,660 రూపాయలు తర్వాతి బిల్లులో తగ్గించారు. మిగతా సగం నేనే భరించాను. ఆ తర్వాతి ఆర్డర్‌లో 'ఎక్స్-ఫ్యాక్టరీ' కొట్టేయించి, పైన చెప్పిన వాక్యం రాయించాను. రేటు బాక్సుకు 6 రూపాయలు పెరిగింది, ఒప్పుకున్నాను.